పరిశోధనవ్యాస సమీక్షలో గణాంకవిమర్శ: ఒక నమూనా నివేదిక నిర్మాణం

వ్యాససంగ్రహం

పత్రికలకు వచ్చే పరిశోధనవ్యాసాలను పరిశీలించే సమీక్షకులు గణాంకభాగం దగ్గరకు వచ్చేసరికి "గణాంకపద్ధతులు సంతృప్తికరంగా లేవు" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టడం కద్దు. ఆ వాక్యం వల్ల వ్యాసకర్తకు ఏం సరిదిద్దుకోవాలో తెలియదు, సంపాదకులకు ఏం నిర్ణయించాలో తెలియదు. విద్యారంగ పరిశోధనల్లో తరచుగా కనిపించే ఒక దోషాన్ని ఆధారంగా తీసుకొని, దాన్ని ఎలా గుర్తించాలో, వ్యాసంలోని అంకెలతోనే ఎలా నిర్ధారించుకోవాలో, నివేదికలో ఏ మాటల్లో రాయాలో ఈ వ్యాసం చర్చిస్తుంది. ఉదాహరణగా తీసుకున్న వ్యాసప్రతి ఈ చర్చ కోసం కల్పించుకున్నదే. అందులోని దోషాలు మాత్రం వాస్తవ పరిశోధనల్లో తరచుగా కనిపించేవే.

కీలకపదాలు: సమీక్షానివేదిక, గణాంకపద్ధతి, సార్థకత, పూర్వపరీక్ష, ఉత్తరపరీక్ష, విశ్వాస అంతరం.

1. ప్రవేశిక

సమీక్షకులు దోషాలను ఎంతవరకు పట్టుకోగలరన్న ప్రశ్నకు బ్రిటిష్ మెడికల్ జర్నల్ సమీక్షకులపై జరిపిన ఒక ప్రయోగం సమాధానం వెదికింది. దాని ఫలితాలు 2008లో వెలువడ్డాయి. పరిశోధకులు కొన్ని వ్యాసాల్లో కావాలని తప్పులు చొప్పించి సుమారు ఆరువందలమంది సమీక్షకులకు పంపారు. ఒక్కో వ్యాసంలో 9 పెద్ద దోషాలున్నాయి. మొదటి వ్యాసంలో సమీక్షకులు సగటున మూడింటిని కూడా పట్టుకోలేకపోయారు. శిక్షణ ఇచ్చిన తరువాత సైతం వచ్చిన మెరుగు స్వల్పమే.

దీన్నిబట్టి సమీక్షకులు అసమర్థులని తీర్మానించనక్కరలేదు. దోషాన్ని పట్టుకోవడం ఒక పని, పట్టుకున్న దోషాన్ని వ్యాసకర్తకు అర్థమయ్యేలా, సరిదిద్దుకోవడానికి వీలయ్యేలా రాయడం మరొక పని. రెండో పని గురించి చెప్పేవారు తక్కువ. సాహిత్యపరిశోధనలో శిక్షణ పొంది, విద్యాశాస్త్రం, భాషాబోధన, సామాజిక సర్వేలకు సంబంధించిన వ్యాసాలను కూడా సమీక్షించవలసివచ్చే తెలుగు పండితులకు ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. గణాంకశాస్త్రజ్ఞులు కాకపోయినా, కూడిక, భాగహారం, వర్గమూలం తెలిసిన సమీక్షకులు ఒక ప్రధానదోషాన్ని నిర్ధారించి నివేదించగలరని చూపడం ఈ వ్యాసం లక్ష్యం.

2. పరిశీలనకు తీసుకున్న వ్యాసప్రతి

ఆరో తరగతి విద్యార్థుల తెలుగు పఠనవేగాన్ని పెంచడానికి ఒక కొత్త బోధనాపద్ధతిని పరీక్షించిన వ్యాసం సమీక్షకు వచ్చిందనుకుందాం. ఒక పాఠశాలలోని ఒక తరగతి ప్రయోగసమూహం. మరొక పాఠశాలలోని ఒక తరగతి నియంత్రితసమూహం. ఒక్కో తరగతిలో 40మంది విద్యార్థులున్నారని పరిశోధనపద్ధతి భాగంలో ఉంది. విద్యార్థి నిమిషానికి తప్పులేకుండా చదివిన పదాల సంఖ్య కొలమానం. ఎనిమిది వారాల బోధనకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి పరీక్ష పెట్టారు.

ఫలితాల పట్టికలో ప్రయోగసమూహం సగటు 41.3 నుంచి 45.5కు పెరిగింది. పెరుగుదల 4.2 పదాలు, t(35) = 2.8, p = 0.008. నియంత్రితసమూహం సగటు 42.0 నుంచి 44.4కు పెరిగింది. పెరుగుదల 2.4 పదాలు, t(35) = 1.6, p = 0.12. దీనిపై వ్యాసకర్త ఇలా తీర్మానించారు: ప్రయోగసమూహంలో పెరుగుదల సార్థకం, నియంత్రితసమూహంలో సార్థకం కాదు, కాబట్టి కొత్త పద్ధతి సంప్రదాయపద్ధతికన్నా ప్రభావవంతమని నిరూపితమైంది.

ఈ వాదన చదవడానికి సహజంగానే ఉంటుంది. ఒక సమూహం పరీక్ష దాటింది, మరొకటి దాటలేదు, కాబట్టి మొదటిదే మేలు అన్న తర్కం విద్యావిషయక సిద్ధాంతగ్రంథాల్లోనూ కనిపిస్తుంది. సమీక్షకులు కూడా దీన్ని దాటిపోవడానికి కారణం ఆ సహజత్వమే.

3. దోషం ఎక్కడుంది?

పరిశోధన అడిగిన ప్రశ్న రెండు పద్ధతుల మధ్య తేడా ఉందా అన్నది. వ్యాసకర్త జరిపిన పరీక్షలు మాత్రం వేరే రెండు ప్రశ్నలకు జవాబిచ్చాయి. ప్రయోగసమూహం తన పూర్వస్థితికన్నా మారిందా? నియంత్రితసమూహం తన పూర్వస్థితికన్నా మారిందా? ఈ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూసినంతమాత్రాన మొదటి ప్రశ్నకు జవాబు రాదు. రెండు పెరుగుదలలను ఒకదానితో ఒకటి పోల్చే పరీక్ష వ్యాసంలో ఎక్కడా లేదు.

0.05 అన్న హద్దుకు ఒకవైపు 0.008, మరోవైపు 0.12 ఉండడం చూసి రెండింటి మధ్య పెద్ద అగాధం ఉందనుకుంటాం. కాని సార్థకమైనదానికీ సార్థకం కానిదానికీ మధ్య ఉన్న తేడా తానుగా సార్థకం కాకపోవచ్చు. ఆండ్రూ గెల్మన్, హాల్ స్టెర్న్ 2006లో ప్రచురించిన వ్యాసానికి ఈ విషయమే శీర్షిక. వైద్యపరీక్షల్లో ఒక్కో సమూహాన్నీ దాని పూర్వస్థితితో విడిగా పోల్చడం ఎంత తప్పుదారి పట్టిస్తుందో మార్టిన్ బ్లాండ్, డగ్లస్ ఆల్ట్‌మన్ 2011లో వివరించారు. అదే ఏడాది నీవెన్‌హైస్, మరి ఇద్దరు పరిశోధకులు నాడీశాస్త్రంలోని ఐదు ప్రముఖ పత్రికల నుంచి 513 వ్యాసాలను పరిశీలించారు. ఈ దోషానికి అవకాశమున్న వ్యాసాలు 157 దొరికాయి. వాటిలో 78 సరైన పద్ధతిని అనుసరించాయి, 79 తప్పుపద్ధతిని అనుసరించాయి. పేరున్న పత్రికల్లోనే పరిస్థితి ఇలా ఉన్నప్పుడు, ఈ దోషం చేసిన వ్యాసకర్తను అజ్ఞానిగా చూపే మాట నివేదికలో ఎందుకు ఉండకూడదో వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ సమీక్షకులు వ్యాసకర్త దగ్గరి మూలదత్తాంశాలు లేకుండానే ఒక లెక్క వేసి చూడవచ్చు. ఒకే సమూహంలో ముందూ తరువాతా చేసిన t-పరీక్షలో, t అంటే సగటు పెరుగుదలను దాని ప్రామాణికదోషంతో భాగించగా వచ్చిన సంఖ్య. కాబట్టి సగటు పెరుగుదలను t తో భాగిస్తే ప్రామాణికదోషం తిరిగి బయటపడుతుంది.

```
ప్రయోగసమూహం:     4.2 / 2.8 = 1.5
నియంత్రితసమూహం:   2.4 / 1.6 = 1.5
పెరుగుదలల తేడా:    4.2 - 2.4 = 1.8
తేడా ప్రామాణికదోషం: √(1.5² + 1.5²) = 2.12
t = 1.8 / 2.12 = 0.85
```

రెండు సమూహాల్లో వేర్వేరు విద్యార్థులున్నారు కాబట్టి ప్రామాణికదోషాల వర్గాలను కూడి వర్గమూలం తీశాం. వచ్చిన t విలువ 0.85. దానికి p సుమారు 0.40. తేడాకు 95 శాతం విశ్వాస అంతరం సుమారు -2.4 నుంచి 6.0 వరకు ఉంటుంది. అంటే కొత్త పద్ధతి నిమిషానికి ఆరు పదాల మేలు చేసి ఉండవచ్చు, రెండు పదాలకు పైగా నష్టమూ చేసి ఉండవచ్చు. ఈ దత్తాంశాలు రెండింటితోనూ పొసగుతాయి.

ఈ లెక్క నివేదిక స్వభావాన్నే మారుస్తుంది. లెక్క వేయకముందు సమీక్షకుల దగ్గర ఉన్నది ఒక సూత్రం మాత్రమే: ఇలా పోల్చకూడదు. లెక్క వేశాక వారి దగ్గర ఒక ఫలితముంది: వ్యాసం ప్రధాననిర్ధారణకు వ్యాసంలోని అంకెలే మద్దతివ్వడం లేదు. సూత్రాన్ని మాత్రమే చెబితే వ్యాసకర్త "ఈ రంగంలో అందరూ ఇలాగే చేస్తున్నారు" అని బదులివ్వవచ్చు. తన పట్టికలోని నాలుగు అంకెలతో వేసిన లెక్కకు అలాంటి బదులు సరిపోదు.

ఒక జాగ్రత్త అవసరం. p = 0.40 వచ్చింది కాబట్టి కొత్త పద్ధతి పనిచేయదని సమీక్షకులు రాస్తే, వ్యాసకర్త చేసిన తప్పునే వారు తలకిందులుగా చేసినట్టవుతుంది. తేడా ఉందనడానికి ఆధారం చాలకపోవడం వేరు, తేడా లేదనడం వేరు.

4. వ్యాఖ్యను రాసే తీరు

ఇదే దోషాన్ని గమనించిన సమీక్షకులు సాధారణంగా రాసే వ్యాఖ్య ఇలా ఉంటుంది:

"గణాంక విశ్లేషణ సరిగా లేదు. వ్యాసకర్త తగిన పరీక్షలు వాడలేదు. గణాంకనిపుణులను సంప్రదించి మళ్లీ విశ్లేషించాలి."

ఇందులో అబద్ధమేమీ లేదు. కాని దీన్ని అందుకున్న వ్యాసకర్త ఏం చేస్తారు? ఏ పరీక్ష తగదో తెలియదు కాబట్టి t-పరీక్షను తీసేసి మరేదో పరీక్ష పెడతారు. రెండు సమూహాలకూ విడివిడిగా విల్‌కాక్సన్ పరీక్ష చేసి పంపినా వ్యాఖ్యకు స్పందించినట్టే లెక్క. దోషం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రెండో విడతలో సమీక్షకులు మళ్లీ అదే మాట రాస్తారు. నెలలు గడుస్తాయి.

అదే వ్యాఖ్యను ఇలా రాయవచ్చు:

"1. (ప్రధానం) ఫలితాల పట్టికలోనూ, నిర్ధారణల మొదటి పేరాలోనూ కొత్త పద్ధతి సంప్రదాయపద్ధతికన్నా ప్రభావవంతమని పేర్కొన్నారు. ఒక్కో సమూహంలో పూర్వ, ఉత్తరపరీక్షల మధ్య విడిగా జరిపిన t-పరీక్షలు (p = 0.008, p = 0.12) ఇందుకు ఆధారాలు. ఈ పరీక్షలు ఒక్కో సమూహం మారిందా లేదా అన్నది చెబుతాయి. రెండు సమూహాల పెరుగుదలల్లో తేడా ఉందా అన్నది చెప్పవు. పట్టికలోని విలువల నుంచి లెక్కిస్తే పెరుగుదలల తేడా 1.8 పదాలు, ప్రామాణికదోషం సుమారు 2.12, t సుమారు 0.85, 95 శాతం విశ్వాస అంతరం సుమారు -2.4 నుంచి 6.0 వరకు వస్తున్నాయి. పట్టికలోని అంకెలను సవరించి ఇచ్చినందువల్ల ఈ విలువల్లో స్వల్పభేదం ఉండవచ్చు. వ్యాసకర్త మూలదత్తాంశాలతో రెండు సమూహాలనూ నేరుగా పోల్చి, తేడాను, దాని విశ్వాస అంతరాన్ని ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఫలితం పై లెక్కకు దగ్గరగా ఉంటే, సంగ్రహంలోనూ నిర్ధారణల్లోనూ 'ప్రభావవంతమని నిరూపితమైంది' అన్న మాటను మార్చవలసి ఉంటుంది."

ఈ వ్యాఖ్య పొడవుగా ఉంది, ఆ పొడవు అవసరమే. దోషం ఎక్కడుందో మొదట చెబుతుంది. వ్యాసకర్త ఏం చేశారో వారు ఒప్పుకొనే మాటల్లో తిరిగి చెబుతుంది, ఎందుకంటే తమ పనిని సమీక్షకులు సరిగా చదవలేదన్న అనుమానం కలిగితే తరువాతి వాక్యాలను ఎవరూ శ్రద్ధగా చదవరు. ఆ పని ఏ ప్రశ్నకు జవాబో, ఏ ప్రశ్నకు కాదో విడదీస్తుంది. చివరకు చేయవలసిన పనిని, ఆ పని ఫలితాన్నిబట్టి మారవలసిన వాక్యాన్ని చూపుతుంది. ఎక్కడా "వ్యాసకర్తకు తెలియదు", "విస్మరించారు" వంటి క్రియలు లేవు. కర్త స్థానంలో పరీక్షలు, పట్టిక, నిర్ధారణ ఉన్నాయి. తెలుగువాక్యంలో కర్తను వదిలేసే సౌలభ్యం సమీక్షకులకు ఇక్కడ బాగా ఉపకరిస్తుంది.

"మూలదత్తాంశాలతో" అన్న మాట మీద కూడా దృష్టి పెట్టాలి. సమీక్షకుల లెక్క తనిఖీ కోసం వేసినది. దాన్నే వ్యాసంలో చేర్చుకొమ్మని సూచించకూడదు. ప్రచురణలో ఉండవలసిన విలువలు వ్యాసకర్త దత్తాంశాల నుంచే రావాలి.

5. సందేహాన్ని ప్రశ్నగా అడగడం

పట్టికలో t పక్కన కుండలీకరణాల్లో 35 అని ఉంది. దీన్ని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు. ఒకే సమూహంలో ముందూ తరువాతా పోల్చే పరీక్షలో ఇది విద్యార్థుల సంఖ్యకన్నా ఒకటి తక్కువ. 35 అంటే 36మంది విద్యార్థుల దత్తాంశాలే విశ్లేషణలో ఉన్నాయి. పరిశోధనపద్ధతి భాగం 40మంది అంటోంది. రెండు సమూహాల్లోనూ నలుగురేసి కనబడడం లేదు.

ఆ నలుగురు ఎవరన్నది చిన్న విషయం కాకపోవచ్చు. ఉత్తరపరీక్ష రోజున బడికి రానివారు సాధారణంగా చదువులో వెనకబడినవారే అయితే, వారిని వదిలేయడం వల్ల సగటు దానంతట అదే పెరుగుతుంది. లేదా ఇది కేవలం అచ్చుతప్పు కావచ్చు. సమీక్షకులకు తెలిసే మార్గం లేదు. అందుచేత ఇక్కడ ఆరోపణకు చోటు లేదు, ప్రశ్నకే చోటుంది:

"2. పరిశోధనపద్ధతి భాగంలో ఒక్కో సమూహానికి 40మంది అని ఉండగా, t(35) అన్న సూచన 36మందిని తెలుపుతోంది. మిగిలిన విద్యార్థులు ఏ దశలో, ఏ కారణంగా విశ్లేషణలో చేరలేదో తెలపగలరు. వారి పూర్వపరీక్ష సగటు, విశ్లేషణలో ఉన్నవారి పూర్వపరీక్ష సగటుకు దగ్గరగా ఉందో లేదో కూడా ఇవ్వగలిగితే పాఠకులకు ఉపయోగం."

చివరివాక్యంలో అడిగినది చాలా తక్కువ పని. పూర్వపరీక్ష మార్కులు వ్యాసకర్త దగ్గర ఉండే ఉంటాయి. నిర్మాణాత్మకత అన్నది మర్యాదైన మాటలతోనే రాదు. అడిగిన పనికి పట్టే శ్రమకూ దానివల్ల తెలిసేదానికీ పొంతన ఉండాలి.

6. విశ్లేషణతో తీరని లోపం

ఈ వ్యాసప్రతిలో అన్నిటికన్నా బరువైన సమస్య పట్టికలో లేదు. ఒక పద్ధతికి ఒకే తరగతి, మరో పద్ధతికి ఒకే తరగతి. మొదటి తరగతి ఉపాధ్యాయులు వేరు, పాఠశాల వేరు, పిల్లలు వచ్చిన ఇళ్లు వేరు. పెరుగుదలల్లో తేడా వచ్చినా అది బోధనాపద్ధతిదో, ఉపాధ్యాయులదో విడదీసే ఉపాయం లేదు. ఒకే తరగతిలోని పిల్లలు ఒకే ఉపాధ్యాయుల దగ్గర, ఒకే గదిలో నేర్చుకుంటారు కాబట్టి వారి ఫలితాలు ఒకదానితో ఒకటి కొంత ముడిపడి ఉంటాయి. 36మంది పిల్లలు 36 స్వతంత్రసాక్ష్యాలు కారు.

ఈ ముడి ఎంత నష్టం చేస్తుందో ఒక చిన్నసూత్రం చెబుతుంది. ఒక్కో తరగతిలో m మంది పిల్లలుండి, వారి మధ్య సహసంబంధం ρ అయితే, అంచనాలోని అనిశ్చితి (వర్గరూపంలో) 1 + (m - 1)ρ రెట్లు పెరుగుతుంది. ρ కేవలం 0.1 అనుకున్నా, 1 + 35 × 0.1 = 4.5. అంటే 36మంది ఇచ్చే సమాచారం సుమారు 8మంది స్వతంత్రవిద్యార్థులు ఇచ్చేదానికి సమానం. ఎక్కువ తరగతులు ఉన్న పరిశోధనలో బహుస్థాయి విశ్లేషణ ద్వారా దీన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. ఒక పక్షానికి ఒకే తరగతి ఉన్నప్పుడు ఆ విశ్లేషణకు కూడా అవకాశం లేదు. పై విభాగంలో వేసిన విశ్వాస అంతరం కూడా నిజానికి ఉండవలసినదానికన్నా ఇరుకైనదే.

చాలా నివేదికలు దెబ్బతినేది ఇక్కడే. సమీక్షకులు "బహుస్థాయి నమూనా వాడండి" అని రాస్తారు. రెండే తరగతులతో అది సాధ్యం కాదు. వ్యాసకర్త సాఫ్ట్‌వేర్‌లో ఏదో ఒక విధంగా దాన్ని నడిపిస్తారు, అర్థంలేని అంకెలు వస్తాయి, అవి ప్రచురణలోకి వెళ్తాయి. సాధ్యం కాని పనిని అడగడంకన్నా, ఈ దత్తాంశాలతో ఏం చెప్పవచ్చో చూపడం మేలు:

"3. (ప్రధానం) ఒక్కో పద్ధతికి ఒకే తరగతి ఉన్నందువల్ల పద్ధతి ప్రభావాన్ని ఉపాధ్యాయుల, పాఠశాలల ప్రభావం నుంచి విడదీయడం వీలుకాదు. ఇది ఇప్పుడున్న దత్తాంశాల మీద మరో విశ్లేషణ జరిపితే తీరేది కాదు. అందువల్ల కొత్త విశ్లేషణను కోరడం లేదు. వ్యాసాన్ని తులనాత్మక నిరూపణగా కాక, పద్ధతి అమలు వివరాలను, తరగతిలో ఎదురైన ఇబ్బందులను, తొలిఅంచనాలను అందించే ప్రాథమిక అధ్యయనంగా పునర్నిర్మించాలని సూచన. రెండు, మూడు విభాగాల్లోని బోధనావివరాలు అందుకు తగినంత విలువైనవి."

విమర్శలో ఈ మూడో వ్యాఖ్య అన్నిటికన్నా కఠినమైనది. అయినా వ్యాసకర్తకు ఒక దారి చూపుతుంది. చివరివాక్యం ఓదార్పుకోసం రాసినది కాకూడదు. వ్యాసప్రతిలో ఆ వివరాలు నిజంగా ఉంటేనే, నిజంగా విలువైనవి అయితేనే రాయాలి. లేకపోతే ఆ మాటను నమ్మి వ్యాసకర్త మరో మూడునెలలు శ్రమించి, చివరకు తిరస్కరణ అందుకుంటారు. అంతకన్నా మొదటే సంపాదకులకు స్పష్టంగా చెప్పడం దయ.

7. సమీక్షకులు మీరకూడని హద్దు

రెండు సమూహాలను నేరుగా పోల్చమని అడిగినప్పుడు ఏ పద్ధతిలో పోల్చాలన్న ప్రశ్న వస్తుంది. పెరుగుదలలను t-పరీక్షతో పోల్చవచ్చు. ఉత్తరపరీక్ష మార్కులను పూర్వపరీక్ష మార్కులతో సర్దుబాటు చేసే సహవిస్తృతి విశ్లేషణ కూడా వాడవచ్చు. విద్యార్థులను యాదృచ్ఛికంగా విభజించిన ప్రయోగాల్లో రెండోది సాధారణంగా ఎక్కువ నిశితమైన అంచనాను ఇస్తుంది. కాని ఇక్కడ విభజన యాదృచ్ఛికం కాదు, తరగతులు ముందే ఉన్నవి. అలాంటప్పుడు ఒకే దత్తాంశాల మీద ఈ రెండు విశ్లేషణలూ వేర్వేరు జవాబులు ఇవ్వవచ్చునని ఫ్రెడరిక్ లార్డ్ 1967లోనే చూపారు. దాన్ని లార్డ్ వైరుధ్యం అంటారు. అందుచేత సమీక్షకులు తమకు అలవాటైన పద్ధతిని ఆజ్ఞగా రాయక, "నేరుగా పోల్చండి, ఎంచుకున్న పద్ధతికి కారణం ఒక వాక్యంలో చెప్పండి" అనడం సమంజసం. మన వ్యాసప్రతిలో పూర్వపరీక్ష సగటులు 41.3, 42.0 దగ్గరగానే ఉన్నందువల్ల రెండు పద్ధతుల మధ్య పెద్ద వ్యత్యాసం వచ్చే అవకాశం తక్కువ.

సమీక్షకులే చేసే మరో తప్పు ఒకటుంది. ఫలితం సార్థకం కానప్పుడు "ఈ అధ్యయనం శక్తి ఎంతో వచ్చిన ఫలితం నుంచి లెక్కించి చూపండి" అని అడుగుతారు. గమనించిన ప్రభావం ఆధారంగా వెనక్కి లెక్కించే ఆ శక్తి p విలువకు మరో రూపమే, కొత్తగా ఏమీ చెప్పదు. హోనిగ్, హీసీ 2001లో దీన్ని వివరంగా నిరూపించారు. p పెద్దదైతే ఆ శక్తి చిన్నదిగానే వస్తుంది. పాఠకులకు కావలసింది అనిశ్చితి ఎంత అన్నది. దాన్ని -2.4 నుంచి 6.0 అన్న విశ్వాస అంతరం ఇప్పటికే చెబుతోంది. భవిష్యత్తులో ఇలాంటి అధ్యయనానికి ఎన్ని తరగతులు కావాలన్న లెక్క వేరు, దాన్ని అడగవచ్చు.

8. నివేదికను కూర్చడం, రెండో విడత

వ్యాఖ్యలు సిద్ధమయ్యాక వాటి ముందు మూడు నాలుగు వాక్యాల పరిచయం రాయడం వాడుక. వ్యాసం ఏ ప్రశ్న అడిగింది, ఏ దత్తాంశాలు సేకరించింది, ఏమని తేల్చింది అన్నది సమీక్షకుల మాటల్లో ఉండాలి. ఇది లాంఛనం కాదు. సమీక్షకులు వ్యాసాన్ని అపార్థం చేసుకొని ఉంటే ఆ సంగతి ఇక్కడే బయటపడుతుంది, వ్యాసకర్తకు దాన్ని ఎత్తిచూపే అవకాశం దొరుకుతుంది. తరువాత ప్రధానవ్యాఖ్యలు, ఆపై ప్రశ్నలు, చివర చిన్న సవరణలు. పట్టికలో దశాంశస్థానాలు ఒకేలా లేవన్న వ్యాఖ్యను, నిర్ధారణకు ఆధారం లేదన్న వ్యాఖ్యతో సమానంగా వరసలో పెడితే, వ్యాసకర్త మొదట సులభమైనదాన్నే సరిదిద్దుతారు.

ప్రచురణార్హత గురించిన అభిప్రాయం సంపాదకులకు విడిగా రాసే రహస్యలేఖలో ఉండాలి. కాని ఆ లేఖకూ, వ్యాసకర్తకు పంపే వ్యాఖ్యలకూ పొత్తు కుదరాలి. వ్యాసకర్తకు "చిన్న సవరణలతో బాగుంటుంది" అన్న ధోరణిలో రాసి, సంపాదకులకు "తిరస్కరించండి" అని రాస్తే, ఆ రెండింటి మధ్య చిక్కుకునేది సంపాదకులే. గణాంకాల్లో తమకు పట్టులేని భాగముంటే, ఫలానా భాగాన్ని పరిశీలించలేదని, దానికి మరొకరిని నియమించమని ఆ లేఖలోనే చెప్పాలి. మూడు వ్యాఖ్యలు నిశితంగా రాసి, నాలుగో విషయం తమ పరిధిలో లేదని ఒప్పుకున్న సమీక్షకులను సంపాదకులు మళ్లీ పిలుస్తారు.

సవరించిన వ్యాసప్రతి తిరిగి వచ్చినప్పుడు సమీక్షకులు మొదట చూడవలసింది పట్టికను కాదు, సంగ్రహాన్ని. వ్యాసకర్తలు అడిగిన విశ్లేషణను నిజాయితీగానే చేరుస్తారు. పట్టికలో కొత్త వరస వస్తుంది, తేడా 1.8, p = 0.40 అని కనిపిస్తుంది. కాని శీర్షిక, సంగ్రహం, నిర్ధారణల చివరి పేరా మొదటి ప్రతిలోనివే అయివుంటాయి. చాలామంది పాఠకులు చదివేది ఆ మూడే. తొలి నివేదికలో లేని కొత్త అభ్యంతరాలను, కొత్తగా చేరిన విశ్లేషణలో తప్పు ఉంటే తప్ప, ఈ విడతలో తీసుకురాకూడదు. "ప్రభావవంతమని నిరూపితమైంది" అన్న వాక్యం సంగ్రహంలో ఇంకా అలాగే ఉంటే మాత్రం, మొదటి వ్యాఖ్యకు ఇంకా సమాధానం రాలేదని పేజీ, పంక్తి సూచించి రాయాలి. మారవలసిన వాక్యానికి ఒక ప్రత్యామ్నాయాన్ని కూడా ఇవ్వవచ్చు: "రెండు తరగతుల్లోనూ పఠనవేగం పెరిగింది. కొత్త పద్ధతి అనుసరించిన తరగతిలో పెరుగుదల 1.8 పదాలు ఎక్కువగా ఉన్నా, ఈ తేడా పద్ధతి వల్లనే వచ్చిందని చెప్పడానికి ప్రస్తుత దత్తాంశాలు చాలవు."